ఫోన్ పోలిక వీడియో టైటిల్‌లో మోడల్, ధర, సంవత్సరం: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగులో ఫోన్ల పోలిక వీడియోలు చేసేవాళ్లకి టైటిల్ దగ్గర వచ్చే సందేహాలు ఇక్కడ ఉన్నాయి. ఉదాహరణగా ఎక్కువచోట్ల ఒకే గుంపుని తీసుకున్నాం: 2024 జనవరిలో ఇండియాకి వచ్చిన రెడ్మీ నోట్ 13 సిరీస్, అదే నెలలో వచ్చిన పోకో ఎక్స్6 సిరీస్. పేర్లు ఇంతగా కలిసిపోయే గుంపు మరొకటి వెతకడం కష్టం. ఇక్కడ చెప్పిన ధరలన్నీ ఇండియాలో విడుదలైనప్పటివి.

టైటిల్‌లో మోడల్ పేరు ఎంతవరకు రాయాలి? "Note 13", "X6" అంటే సరిపోదా?

సరిపోదు. ఇలాంటి టైటిల్ తరచూ కనిపిస్తుంది:

```
Redmi Note 13 vs Poco X6 | ఏది బెస్ట్? | Under 25K
```

ఇండియాలో నోట్ 13 పేరుతో మొదలయ్యే ఫోన్లు మూడు: నోట్ 13 5జీ, నోట్ 13 ప్రో 5జీ, నోట్ 13 ప్రో+ 5జీ. ఎక్స్6 పేరుతోనూ మూడు: ఎక్స్6 5జీ, ఎక్స్6 ప్రో 5జీ, ఆ తర్వాత మార్చిలో వచ్చిన ఎక్స్6 నియో 5జీ. అంటే ఈ టైటిల్ తొమ్మిది రకాల పోలికల్లో దేనికైనా అతుకుతుంది. చూసేవాడు తన మనసులో ఉన్న జోడీ అనుకుని నొక్కుతాడు, మొదటి నిమిషంలోనే అది కాదని తెలిసి వెళ్లిపోతాడు.

నొక్కి వెళ్లిపోతే కనీసం అతనికి పోయేదేమీ లేదు. వెళ్లకుండా ఉండిపోయినవాడికే అసలు ఇబ్బంది. ఎక్స్6 ప్రోలో ఉన్న చిప్ డైమెన్సిటీ 8300 అల్ట్రా. ఎక్స్6లో స్నాప్‌డ్రాగన్ 7ఎస్ జెన్ 2. ఎక్స్6 నియోలో డైమెన్సిటీ 6080. మూడూ మూడు తరగతులు. ప్రో మీద మీరు గేమ్ ఆడి చూపిస్తే, టైటిల్‌లో "X6" అని మాత్రమే ఉంటే, నియో కొనుక్కుని ఆ వేగం కోసం వెతుక్కునేవాళ్లు ఉంటారు.

కాబట్టి పేరు చివరి మాట దాకా రాయాలి. ఎక్కడి నుంచి తీసుకోవాలంటే, పెట్టె మీద ఉన్న పేరు, లేదా ఫోన్ సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్" అనే చోట కనిపించే పేరు. షాపు అతను చెప్పిన పేరు కాదు, మీ గుర్తులో ఉన్న పేరూ కాదు. "సిరీస్" అనే మాట టైటిల్‌లో పెట్టాలంటే ఆ సిరీస్‌లో ఉన్న ఫోన్లన్నీ వీడియోలో ఉండాలి.

రెడ్మీ నోట్ 13 ప్రో 5జీ, పోకో ఎక్స్6 5జీ దాదాపు ఒకటేనంటారు. ఆ రెండింటి పోలికకి టైటిల్ ఎలా పెట్టాలి?

దీన్ని మొదటి నుంచి చేసి చూద్దాం, మిగతా ప్రశ్నల్లో సగం ఇందులోనే వచ్చేస్తాయి.

ముందు ఫోన్ల సంగతి. రెండింటిలోనూ చిప్ స్నాప్‌డ్రాగన్ 7ఎస్ జెన్ 2. రెండింటికీ 6.67 అంగుళాల 1.5కే అమోలెడ్ తెర, 5100 ఎంఏహెచ్ బ్యాటరీ, 67 వాట్ల ఛార్జింగ్. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ల దగ్గర ఈ రెండింటికీ ఉన్న సంకేతనామం కూడా ఒకటే, గార్నెట్. పెద్ద తేడా వెనక కెమెరాలో: రెడ్మీది 200 మెగాపిక్సెల్, పోకోది 64. వెనక డిజైన్ వేరు, ధర వేరు.

అంటే ఈ వీడియో చూడాలనుకునేవాడి ప్రశ్న "ఏది స్పీడు?" కాదు, ఆ విషయంలో పోటీయే లేదు. "కెమెరా కోసం రెడ్మీకి ఎక్కువ డబ్బు పెట్టాలా?" అన్నది అతని ప్రశ్న. ఆ ఎక్కువ డబ్బు ఎంత అన్నది టైటిల్‌లో రావాలి. చాలా టైటిళ్లు బోల్తా పడేది ఇక్కడే.

విడుదలైనప్పుడు నోట్ 13 ప్రో ధర 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్‌కి ₹25,999. ఎక్స్6 ధర ₹21,999. తేడా నాలుగు వేలు అనిపిస్తుంది. కానీ ఎక్స్6లో ఆ ధరకి వచ్చేది 256 జీబీ, ఎందుకంటే ఇండియాలో దానికి 128 జీబీ రకమే తేలేదు. నోట్ 13 ప్రోలో 8 జీబీ, 256 జీబీ కావాలంటే ₹27,999. సమానమైన స్టోరేజ్ దగ్గర తేడా ఆరు వేలు. 25 వేల లోపు ఫోన్లు వెతికేవాడికి ఆరు వేలు చిన్న మాట కాదు.

ఇప్పుడు "25 వేల లోపు" అని టైటిల్ పెట్టొచ్చా? రెడ్మీకి అప్పట్లో ₹2,000 బ్యాంక్ ఆఫర్ ఉండేది, అది కలిపితేనే 128 జీబీ ఫోన్ ₹23,999కి వచ్చేది. ఆ బ్యాంకు కార్డు లేనివాడికి 25 వేల లోపు ఆ ఫోన్ లేదు. 256 జీబీ అయితే ఆఫర్ ఉన్నా 25 వేలు దాటుతుంది. కాబట్టి ఒక గీత గీసి "లోపు" అనడం కన్నా రెండు చివరలూ చెప్పడం నిజాయితీగా ఉంటుంది:

```
Redmi Note 13 Pro 5G vs Poco X6 5G | 256GB | ₹22–28 వేలు | 2024 తెలుగు
```

ఇందులో రెండు పేర్లకీ, మధ్యలో ఉన్న vs కీ కలిపి 34 అక్షరాలు పట్టాయి. మొత్తం 70. యూట్యూబ్ ఇచ్చే 100లో ఇంకా ముప్పై మిగిలాయి. ఆ ముప్పైలో "షాకింగ్", "కొనకండి" లాంటివి నింపాలన్న కోరిక పుడుతుంది. ఖాళీగా వదిలేస్తే నష్టం లేదు.

ఇంకొక రూపం కూడా నాకు ఇష్టమే, ధరల పరిధి బదులు తేడానే చెప్పేది:

```
Redmi Note 13 Pro 5G vs Poco X6 5G | 256GB: ₹6,000 తేడా దేనికి? | 2024
```

ఇది చూసేవాడి ప్రశ్నని సూటిగా అడుగుతుంది. కాకపోతే ధర మారిన రోజు ఈ టైటిల్ అబద్ధమవుతుంది. వారానికోసారి పాత వీడియోలు సరిచూసుకునే ఓపిక ఉంటేనే దీని జోలికి వెళ్లండి.

"Pro+" అని రాయాలా, "Pro Plus" అనా?

టైటిల్‌లో కంపెనీ రాసినట్టే `Pro+`. వివరణ పెట్టెలో మొదటి రెండు లైన్లలోనే ఒకసారి `Pro Plus` అని అక్షరాల్లో కూడా రాయండి, ఎందుకంటే ఫోన్ కీబోర్డులో + కోసం ఇంకో పేజీకి వెళ్లాలి, చాలామంది వెళ్లరు.

+ గుర్తుకి ఒక్కచోట జాగ్రత్త కావాలి. హ్యాష్‌ట్యాగ్‌లో అది పనిచేయదు. `#RedmiNote13Pro+` అని రాస్తే లింకు + ముందే తెగిపోతుంది, మీ ప్రో+ వీడియో ప్రో హ్యాష్‌ట్యాగ్ కిందకి వెళ్లి కూర్చుంటుంది. హ్యాష్‌ట్యాగ్ కావాలంటే `#RedmiNote13ProPlus` అని రాయాలి.

ప్రో, ప్రో+ ఒకే వీడియోలో ఉంటే పెద్దదాన్ని ముందు పెట్టడం మేలు:

```
Redmi Note 13 Pro+ 5G vs Redmi Note 13 Pro 5G
```

బ్రాండ్ పేరు రెండోసారి రాయడం వృథా అనిపించి చాలామంది `Redmi Note 13 Pro vs Pro+` అని కుదిస్తారు. చదవడానికి అదీ అర్థమవుతుంది, తప్పేం లేదు. కానీ చిన్న తెర మీద చివర ఉన్న + కంటికి ఆనదు. "ప్రో వర్సెస్ ప్రో" లాగా కనిపిస్తుంది. పెద్దది ముందుంటే + గుర్తు పక్కన మరో మాట ఉంటుంది కాబట్టి తప్పిపోదు.

పైగా ఈ రెండూ పేరులో ఒక్క గుర్తు తేడాతో ఉన్నా లోపల చిప్ వేరే కంపెనీది: ప్రోలో స్నాప్‌డ్రాగన్ 7ఎస్ జెన్ 2, ప్రో+లో మీడియాటెక్ డైమెన్సిటీ 7200 అల్ట్రా. ప్రో+కి వంపు తిరిగిన తెర, 120 వాట్ల ఛార్జింగ్, ఐపీ68 రక్షణ ఉన్నాయి. + అంటే అదే ఫోన్‌కి కాస్త అదనం అనుకోవడం ఈ జోడీలో కుదరదు.

ఒక్క అక్షరం తేడా ఉన్న మిగతా పేర్ల సంగతేమిటి?

అక్షరం చిన్నదే, ధర తేడా పెద్దది. వన్‌ప్లస్ 12, 12ఆర్ రెండూ 2024 జనవరిలో ఒకేరోజు వచ్చాయి. మొదటిది ₹64,999 దగ్గర మొదలైంది, రెండోది ₹39,999 దగ్గర. నథింగ్ ఫోన్ 2, ఫోన్ 2ఏ కూడా అంతే: మొదటిది 2023లో ₹44,999కి, రెండోది 2024 మార్చిలో ₹23,999కి వచ్చాయి. నథింగ్ తన పేర్లలో అంకెని బ్రాకెట్‌లో పెడుతుంది. టైటిల్‌లో ఆ బ్రాకెట్ పోయినా ఎవరూ తికమకపడరు, ఆ చిన్న "a" పోతేనే ఇబ్బంది.

నోటితో చెప్పేటప్పుడు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. "టూ ఏ" అని గబగబా అంటే ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్‌లో ఏదేదో పడుతుంది. వీడియో మొదట్లో పేరు ఒకసారి ఆగి చెప్పి, అదే సమయంలో తెర మీద అక్షరాల్లో చూపించండి.

టైటిల్‌లో "5G" తప్పనిసరా? ఇప్పుడు అన్నీ 5జీయే కదా.

ఇండియాలో నోట్ 13 సిరీస్ మూడూ 5జీతోనే వచ్చాయి కాబట్టి ఇక్కడ కొనేవాడికి ఆ మాట అనవసరం అనిపిస్తుంది. కానీ ఇండియా బయట నోట్ 13 ప్రో పేరుతోనే ఒక 4జీ ఫోన్ అమ్మారు. దానిలో చిప్ హీలియో జీ99 అల్ట్రా, తెర 1.5కే కాదు, ఫుల్ హెచ్‌డీ+. తమాషా ఏమిటంటే కెమెరా దానికీ 200 మెగాపిక్సెల్ అనే రాసి ఉంటుంది. అందుకని ప్రకటన చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి.

తెలుగు వీడియోలు చూసేది ఇక్కడివాళ్లే కాదు. గల్ఫ్‌లో పనిచేస్తూ ఇంటికి ఫోన్ కొని పంపాలనుకునేవాళ్లు కూడా తెలుగులోనే వెతుకుతారు. వాళ్ల ముందు ఉన్న షాపులో 4జీ రకం ఉండొచ్చు. మీ టైటిల్‌లో `5G` ఉంటే వాళ్లు పెట్టెతో పోల్చుకుంటారు. మూడు అక్షరాల ఖర్చుతో ఒకరి డబ్బు మిగులుతుంది, ఇది రాయనని బద్ధకించడానికి నాకైతే కారణం కనబడదు.

ఒకే పేరుతో చైనాలో, ఇండియాలో వేరువేరు ఫోన్లు ఉంటాయా?

ఉంటాయి. ఐక్యూ జెడ్9 దీనికి మంచి ఉదాహరణ. 2024 మార్చిలో ఇండియాలో వచ్చిన జెడ్9 5జీలో డైమెన్సిటీ 7200 ఉంటే, మరుసటి నెల చైనాలో అదే పేరుతో వచ్చిన దానిలో స్నాప్‌డ్రాగన్ 7 జెన్ 3 ఉంది. ఫోన్ చేతికి రాకముందే స్పెక్స్ పట్టిక చూసి పోలిక వీడియో చేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడ దొరికిపోతారు. వెతికితే ముందు వచ్చిన పేజీ చైనా మోడల్‌ది అయితే వీడియో మొత్తం వేరే ఫోన్ గురించి అయిపోతుంది.

చిప్ పేరు, బ్యాటరీ, ఇండియా ధర ఈ మూడూ కంపెనీ ఇండియా సైట్‌లోని ఒకే పేజీలో కనిపించే దాకా టైటిల్ ఖాయం చేయకండి. చైనా మోడల్ గురించే వీడియో అయితే టైటిల్‌లో "చైనా వేరియంట్" అని రాసేయడమే.

టైటిల్‌లో ఏ ధర పెట్టాలి? లాంచ్ ధరా, ఆఫర్ ధరా, ఈరోజు ధరా?

వీడియో పెట్టే రోజున కార్డు, ఎక్స్ఛేంజ్, కూపన్ ఏదీ లేకుండా మామూలు మనిషి కొనగలిగే ధర. ఆ ఒక్కదాని మీద నిలబడితే చాలా గొడవలు తప్పుతాయి.

ఆఫర్ ధరతో ఒక చిక్కుంది. బ్యాంక్ ఆఫర్ ఒక కార్డు ఉన్నవాళ్లకే, అదీ కొన్ని రోజులకే. ఎక్స్ఛేంజ్ బోనస్ అయితే పాత ఫోన్ ఏదన్న దాన్ని బట్టి మారుతుంది. రెండూ కలిపి "కేవలం 18 వేలకే" అని టైటిల్ పెడితే, చూసేవాడు లింకు నొక్కి వేరే అంకె చూసి కామెంట్లలో తిట్టేది కంపెనీని కాదు, మిమ్మల్ని. దసరా ముందు వచ్చే పెద్ద సేల్స్ సమయంలో ధర నిజంగానే పడిపోతుంది, అప్పుడు ఆ ధర చెప్పడం న్యాయమే. కానీ "సేల్ ధర" అన్న మాట టైటిల్‌లో ఉండాలి, సేల్ ముగిసిన రోజు దాన్ని తీసేయాలి.

రెండు ఫోన్ల ధరా ఒకే పద్ధతిలో లెక్కకట్టాలన్నది ఇంకా ముఖ్యం. ఒకదానికి లాంచ్ ధర, ఇంకోదానికి ఆఫర్ ధర తీసుకుంటే పోలిక అక్కడే వంగిపోతుంది. పైన చూసిన 128, 256 జీబీ గొడవ కూడా ఇలాంటిదే. అందుకే టైటిల్‌లో ధర పెట్టినప్పుడు స్టోరేజ్ కూడా పెట్టమంటున్నాను. ర్యామ్ వదిలేసినా పర్వాలేదు, స్టోరేజ్ వదలొద్దు.

"25K", "₹25,000", "25 వేలు" వీటిలో ఏది?

ఏదైనా పర్వాలేదు, ఒక ఛానెల్‌లో ఒకటే పద్ధతి పాటిస్తే చాలు. `25K` చిన్నది, ఇంగ్లీషులో వెతికేవాళ్లకి దొరుకుతుంది. "25 వేలు" తెలుగు కంటికి వెంటనే తగులుతుంది. మోడల్ పేరు పక్కనే ఒట్టి `25000` పెట్టకండి, అంకెల పక్కన అంకెలు వచ్చి అది మోడల్ నంబరా, ధరా తెలియదు. ₹ గుర్తు గానీ "వేలు" అన్న మాట గానీ ఉండాలి.

సంవత్సరం అంటే ఫోన్ వచ్చిన సంవత్సరమా, వీడియో తీసిన సంవత్సరమా?

రెండింటికీ వాడతారు, అందుకే గందరగోళం. రెడ్మీ నోట్ 14 సిరీస్ చైనాలో 2024 సెప్టెంబరులో, ఇండియాలో డిసెంబరు 9న, మిగతా దేశాల్లో 2025 జనవరిలో వచ్చింది. ఇక్కడ అమ్మకాలు 2024 చివర్లో మొదలై 2025లోకి సాగాయి. దాన్ని 2024 ఫోన్ అనాలా, 2025 ఫోన్ అనాలా? ఈ అంకెని టైటిల్‌లో ఒంటరిగా వదిలితే ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటారు.

నేను చెప్పే పద్ధతి ఇది. కొత్త ఫోన్ల పోలిక అయితే వీడియో తీసిన సంవత్సరం చివర్లో పెట్టండి, దాన్ని అందరూ వీడియో తేదీగానే చదువుతారు. పాత ఫోన్ ఇప్పుడు కొనొచ్చా అన్న వీడియో అయితే సంవత్సరానికి "లో" తగిలించండి:

```
Redmi Note 13 Pro 5G vs Redmi Note 14 Pro 5G | 2025లో ఏది కొనాలి?
```

ఆ "లో" ఉంటే అది కొనే సంవత్సరమని ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

మూడో సందర్భం ఒకటుంది. కొన్ని ఫోన్లకి సంవత్సరమే పేరులో భాగం. ఐఫోన్ ఎస్ఈ 2016లో, 2020లో, 2022లో మూడుసార్లు అదే పేరుతో వచ్చింది. 5జీ మూడోదానికే ఉంది. ఇలాంటప్పుడు సంవత్సరం చివర్లో కాకుండా పేరుకి ఆనుకునే ఉండాలి: `iPhone SE 2022`.

ఇంకా ముదిరిన కేసు సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్21 ఎఫ్ఈ. 2022 జనవరిలో ఇండియాకి వచ్చినప్పుడు దానిలో ఎక్సినోస్ 2100 చిప్. 2023 జులైలో అదే పేరుతో స్నాప్‌డ్రాగన్ 888 పెట్టి మళ్లీ తెచ్చారు. పేరు ఒకటే, పెట్టె చూసినా పెద్దగా తేడా లేదు, లోపల చిప్ వేరు. దీనికి సంవత్సరం ఒక్కటే సరిపోదు, ఎందుకంటే 2023లో కొన్నవాడికి పాత స్టాకు కూడా దొరికి ఉండొచ్చు. చిప్ పేరే రాయాలి:

```
Galaxy S21 FE Snapdragon 888 vs Galaxy S21 FE Exynos 2100
```

టైటిల్‌లో చిప్ పేరు నేను సమర్థించేది ఇలాంటిచోట్ల మాత్రమే. మిగతా ఫోన్లకి అది చోటు తినే భారమే.

పాత వీడియో టైటిల్‌లో 2024 తీసేసి 2025 పెడితే వ్యూస్ వస్తాయంటారు. పెట్టొచ్చా?

పెట్టడానికి యూట్యూబ్ అడ్డుచెప్పదు, టైటిల్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, వీడియో లింకు మారదు. కానీ వీడియోలో మీరు చెప్పిన ధరలు 2024వి. అప్పటికి రాని ఫోన్ల ప్రస్తావన అందులో ఉండదు. చూసేవాడు 2025 సలహా అనుకుని 2024 సలహా తీసుకుంటాడు. వీడియోలో లేనిదాన్ని ఉన్నట్టు చూపే టైటిళ్లు యూట్యూబ్ నియమాలకి విరుద్ధం కూడా.

ధర మాత్రమే మారితే వేరే సంగతి. ఫోన్ రెండు వేలు తగ్గింది, మీ పోలిక ఇంకా నిలుస్తుంది అనుకుంటే టైటిల్‌లో ధర మార్చి, పిన్ చేసిన కామెంట్‌లో ఏ తేదీన ధర చూశారో రాయండి. సంవత్సరం జోలికి వెళ్లకండి. ధర తగ్గడం వల్ల మీ తీర్పే తిరగబడితే, ఉదాహరణకి ఆరు వేల తేడా రెండు వేలకి దిగి రెడ్మీయే నయమైపోతే, అప్పుడు కొత్త వీడియో చేయాల్సిందే.

మోడల్ పేర్లు తెలుగు లిపిలో రాయొచ్చా?

టైటిల్‌లో వద్దు. ఫోన్ పేరు వెతికేవాడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతాడు, షాపులో పెట్టె మీద చూసేది కూడా అదే. "రెడ్మీ" అని మీరు, "రెడ్‌మి" అని ఇంకొకరు, "రెడ్ మీ" అని మరొకరు రాస్తారు. పేరు ఇంగ్లీషులో, ప్రశ్న తెలుగులో ఉంటే రెండూ సాధిస్తారు.

తెలుగు అక్షరాల లెక్క దగ్గర ఒక సంగతి తెలిసి ఉండాలి. కంటికి ఒకటిగా కనిపించే అక్షరంలో గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్టోరేజ్" చూడ్డానికి మూడు అక్షరాలు, లెక్కలో ఎనిమిది. కాబట్టి 100 ఉంది కదా అని పొడవాటి తెలుగు వాక్యం రాస్తే అనుకున్నదాని కన్నా ముందే నిండిపోతుంది. ఒకవేళ నిండకపోయినా, ఫోన్‌లో చూసేవాళ్లకి టైటిల్ చివర తెగిపోతుంది. అందుకే రెండు పూర్తి పేర్లు మొట్టమొదట ఉండాలి. తెగితే తెగేది సంవత్సరమో, "తెలుగు" అన్న మాటో కావాలి, `Pro+` కాకూడదు.

మూడు నాలుగు ఫోన్లు పోలిస్తే అన్ని పేర్లూ ఎలా పడతాయి?

మూడు దాకా పడతాయి, బ్రాండ్ పేర్లు పూర్తిగా రాసినా. నాలుగైతే పేర్లు వదిలేసి ధర, స్టోరేజ్, సంవత్సరం మీద టైటిల్ కట్టండి: "₹20–25 వేలలో 4 ఫోన్లు". పేర్లన్నీ వివరణలోనూ, వీడియో చాప్టర్లలోనూ పూర్తిగా రాయండి. రెండు పేర్లు పెట్టి మిగతా రెండిటినీ "మరికొన్ని" అని దాచేయడం మాత్రం బాగోదు.

థంబ్‌నెయిల్ మీద పేరు ఉంది కదా, టైటిల్‌లో కుదించొచ్చా?

వద్దు. థంబ్‌నెయిల్ మీద రాసింది బొమ్మ, అందులో పేరు కోసం ఎవరూ వెతకరు. పైగా నోట్ 13 ప్రో, ప్రో+ లాంటివి ఆ సైజులో గుర్తుపట్టడమే కష్టం. రెండుచోట్లా పేరు అచ్చంగా ఒకేలా ఉందో లేదో అప్‌లోడ్ ముందు ఒకసారి చూసుకోండి. థంబ్‌నెయిల్ ముందు రోజు, టైటిల్ మర్నాడు చేసేవాళ్లకి ఒకదానిలో ప్రో, ఇంకోదానిలో ప్రో+ రావడం మామూలే.

నా టైటిల్ జనాన్ని తికమకపెడుతోందని ఎలా తెలుస్తుంది?

యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో అనలిటిక్స్ తెరిచి, ట్రాఫిక్ ఎక్కడి నుంచి వస్తోందో చూపే భాగంలో యూట్యూబ్ సెర్చ్ మీద నొక్కండి. జనం ఏ మాటలు కొట్టి మీ వీడియో దాకా వచ్చారో అక్కడ ఉంటుంది. ఎక్స్6 5జీ గురించి చేసిన వీడియోకి "poco x6 pro" అన్న మాటతో సగంమంది వస్తున్నారంటే, మీ పేరు వాళ్లకి స్పష్టంగా కనిపించలేదన్నమాట. దాని పక్కనే ఎంతసేపు చూశారో పోల్చండి. తప్పు మోడల్ కోసం వచ్చినవాళ్లు మొదటి అర నిమిషంలోనే పోతారు, గ్రాఫ్ అక్కడ నిట్టనిలువుగా దిగుతుంది.

కామెంట్లలో "ఇది ప్రో నా బ్రో?", "4జీ నా 5జీ నా?", "ఎన్ని జీబీకి ఈ రేటు?" అన్న ప్రశ్నలు పదేపదే వస్తుంటే, ప్రతి ఒక్కరికీ జవాబు టైప్ చేస్తూ కూర్చోవడం కన్నా ఆ జవాబునే టైటిల్‌లోకి ఎక్కించడం తేలిక. మార్చాక వారం పది రోజులు ఆగి మళ్లీ అదే సెర్చ్ పట్టిక చూడండి. వ్యూస్ కాస్త తగ్గి, చూసే సమయం పెరిగితే మార్పు పనిచేసినట్టే. వేరే ఫోన్ కోసం వచ్చి వెళ్లిపోయేవాళ్లు ఆ లెక్కలోంచి పోయారు.